రెండు నిమిషాల టమాటా కథ

2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు టీవీ రిపోర్టర్లంతా మార్కెట్ల బాట పట్టారు. రెండు నిమిషాల్లో అయిపోయే అలాంటి కథనాన్ని చానళ్లలో ‘ప్యాకేజీ’ అంటారు. రిపోర్టర్ ముందే రాసుకుని, తర్వాత దానికి తగ్గ బొమ్మలు అతికిస్తాడని చాలామంది అనుకుంటారు. పని జరిగేది తిరగేసి: ముందు బొమ్మ, ఆ తర్వాతే మాట.

హైదరాబాద్‌లోని మెహదీపట్నం రైతుబజార్‌నే తీసుకుందాం. రాత్రి 7 గంటల బులెటిన్‌కు కథనం కావాలి. పొద్దున్నే వెళ్లకపోతే రద్దీ దొరకదు. కెమెరామన్ బజారంతా కనిపించే షాట్ ఒకటి తీసి, దగ్గరికి వెళ్తాడు: కాయలు ఏరుతున్న చెయ్యి, తక్కెడ ముల్లు, ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంటున్న నోట్లు. ఒక్కో షాట్ కదలకుండా పది సెకన్లు ఉండాలి. అటూ ఇటూ తిప్పుతూ తీస్తే ఎడిటింగ్ బల్ల దగ్గర కత్తిరించడానికి చోటే ఉండదు.

ఇక జనం మాటలు, అంటే బైట్లు. ‘‘ధరలు పెరిగాయా అమ్మా?’’ అని అడిగితే ‘‘అవును, బాగా పెరిగినయ్’’ అంటారు, అంతే. అది దేనికీ పనికిరాదు. ‘‘ఇవాళ టమాటా ఎంత తీసుకున్నరమ్మా?’’ అని అడగాలి. ‘‘కిలో తీసుకుంటుంటిమి. ఇప్పుడు పావుకిలోతోనే సరిపెడుతున్నం. పప్పుల చింతపండు వేస్తున్న’’ అంటుంది ఆమె. కథ అక్కడ దొరికింది. మైకు మాత్రం చేతికివ్వకూడదు. ఇచ్చామా, మాట ఆపించడం మన చేతుల్లో ఉండదు. మొదటి మనిషిని తెరకు ఎడమవైపు నిలబెడితే రెండో మనిషిని కుడివైపు నిలబెట్టాలి. అందరూ ఒకే వైపు ఉంటే, ఒకరి తర్వాత ఒకరిని అతికించినప్పుడు బొమ్మ ఎగిరినట్టుంటుంది. కొనేవాళ్లతోనే ఆపకుండా అమ్మే రైతునూ అడగాలి. ‘‘రేటుంది గానీ సరుకేది? వానలకు సగం చేన్లనే పోయింది’’ అని ఆయన అనొచ్చు. ముగ్గురు నలుగురి మాటలు సర్వే కాదు. ‘నగరమంతా మండిపడుతోంది’ అని రాయడానికి అవి ఆధారం కావు. మన చానళ్లు తరచూ దాటే గీత ఇదే.

రిపోర్టర్ కెమెరా వైపు చూసి చెప్పేదాన్ని పీటూసీ అంటారు. చిక్కేమిటంటే, స్క్రిప్టు పుట్టకముందే దాన్ని బజార్లోనే తీసెయ్యాలి. సాయంత్రానికి మారిపోయే ధరను అందులో పెడితే కథనమే తప్పవుతుంది. బొమ్మ దొరకని సంగతికే పీటూసీ వాడాలి: మదనపల్లె నుంచి వచ్చే సరుకు ఎందుకు తగ్గింది, మధ్యలో రేటు ఎక్కడ పెరుగుతోంది వంటివి. మూడు వాక్యాలు, పదిహేను సెకన్లు చాలు. వెళ్లేముందు ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి వినాలి. గాలి హోరు మాటను మింగేస్తే మళ్లీ తీయడానికి ఆ రద్దీ ఉండదు.

ఆఫీసుకు చేరాక లెక్క మొదలవుతుంది. మొత్తం 120 సెకన్లు. ఏడేసి సెకన్ల బైట్లు మూడు, మార్కెట్ అధికారి మాట 12 సెకన్లు, పీటూసీ 15, మొదట్లో బజారు చప్పుడు 4. మిగిలింది 68 సెకన్లు. తెలుగు మాటలు పొడుగు. సెకనుకు రెండు మించి చదివితే పరుగులా ఉంటుంది. అంటే 136 మాటలు. ఊపిరికి చోటిస్తే 120.

ఇప్పుడు ఫుటేజీ చూస్తూ రాయాలి. తెర మీద నోట్లు లెక్కపెడుతున్న చెయ్యి ఉంటే ‘వినియోగదారులు డబ్బులు లెక్కపెట్టుకుంటున్నారు’ అనడం దండగ. అది కనిపిస్తూనే ఉంది. ‘నెల కిందట ఇదే డబ్బుతో రెండు కిలోలు వచ్చేవి’ అనాలి, ఆ లెక్క సరిచూసుకున్నాకే. బొమ్మ టమాటా మీద ఉండగా ఉల్లి గురించి రాస్తే చూసేవాడి చెవి మూసుకుపోతుంది. బైట్‌కు ముందు వాక్యం బైట్‌లో ఉన్న మాటనే చెప్పకూడదు. ‘పావుకిలోతో సరిపెడుతున్నామంటున్నారు’ అని చదివి, వెంటనే ఆమెతో అదే అనిపించడం రోజూ చూస్తున్నదే. ‘వంటింట్లో లెక్కలు మారాయి’ అని వదిలేస్తే ఆమె మాటే మిగతాది చెబుతుంది.

ఆరున్నరకు డెస్క్ నుంచి ఫోను: ‘‘చోటు లేదు, నిమిషంన్నర చెయ్యండి.’’ ముప్పై సెకన్లు పోవాలి. చాలామంది ముందు జనం బైట్లకు కత్తెర వేస్తారు, తమ ముఖం మాత్రం ఉంచుకుంటారు. నన్నడిగితే ముందు 12 సెకన్ల అధికారి మాట తీసి ఒక వాక్యంలో చెప్పాలి. తర్వాత స్క్రిప్టులో నలభై మాటలైనా కొట్టెయ్యాలి. అప్పటికీ చాలకపోతే పీటూసీ పోవాలి. పావుకిలో కొన్న ఆవిడా, చేలో పంట పోయిన రైతూ ఉండాల్సిందే.