మీటరు మీది ఎర్ర చుక్క చెప్పే లెక్క

పాత సీలింగ్ ఫ్యాను స్థానంలో కొత్తది బిగించేటప్పుడు రెగ్యులేటరు, రిమోటు, బీఎల్‌డీసీ మోటారు: వీటిలో కరెంటును నిజంగా మిగిల్చేది ఏది?

కృష్ణా జిల్లా ఈశాన్యపు కొసన, ఉప్పుటేరుకూ సముద్రానికీ చేరువలో ఉన్న కృత్తివెన్ను ప్రాంతంలో వేసవి అంటే ఎండకన్నా ఉక్కపోతే ఎక్కువ కనుక, ఒంటి చెమట ఆరాలంటే గాలి కదలిక తప్పనిసరై, ఇంటిల్లిపాదీ పడుకునే గదిలో ఫ్యాను రాత్రింబవళ్లు పూర్తి వేగంతోనే తిరుగుతుంది. ఇలాంటి చోట ఇరవై ఏళ్ల నాటి ఫ్యానును తీసి కొత్తది బిగించాలనుకున్న గృహస్థునికి, బందరులోనో భీమవరంలోనో దుకాణం మెట్లెక్కగానే వినిపించే మాట బీఎల్‌డీసీ ఫ్యాను కరెంటు ఖర్చును సగానికి పైగా తగ్గిస్తుందన్నది. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ సగం దేనితో పోల్చిన సగమో, అది బిల్లులో ఎన్ని రూపాయలుగా కనిపిస్తుందో తేల్చుకోకుండా మూడు వేల రూపాయలు చెల్లించడం సరికాదు. తేల్చుకోవడానికి కావలసిన సాధనం ప్రతి ఇంటి గోడ మీదా ముందే ఉంది.

మీటరుతో కొలత

ఇళ్లకు బిగించిన ఎలక్ట్రానిక్ మీటర్ల ముఖం మీద ఒక చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరుతుంటుంది. దాని పక్కన 3200 imp/kWh అనో 1600 imp/kWh అనో ముద్రించి ఉంటుంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చయ్యేలోపు ఆ దీపం అన్నిసార్లు మినుకుతుందని దాని అర్థం. యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం గంటసేపు వాడుకునే కరెంటు కాబట్టి, రెండు మినుకుల మధ్య కాలం తెలిస్తే ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతున్నదో తెలిసిపోతుంది.

```
వాట్లు = 3600000 ÷ (మీటరు మీది సంఖ్య × రెండు మినుకుల మధ్య సెకన్లు)
```

కొలిచే పద్ధతి తేలికే. ఫ్రిజ్, టీవీ, మోటారు, ఛార్జర్లు, ఇన్వర్టరు అన్నీ ఆపి, చుక్క మినుకడం నిలిచిపోయిందని చూసుకొని, కొలవదలచిన ఫ్యానును మాత్రం పూర్తి వేగంలో వేసి, అయిదు నిమిషాలు తిరగనిచ్చిన తర్వాత ఫోనులోని స్టాప్‌వాచ్‌తో పది మినుకుల కాలం చూసి పదితో భాగించాలి. మొదటి మినుకును సున్నాగా లెక్కపెట్టాలి, లేకుంటే ఒక విరామం తగ్గి లెక్క తప్పుతుంది. 3200 మీటరు మీద పదిహేను సెకన్లకొక మినుకు పడితే ఆ ఫ్యాను 75 వాట్లది. ముప్ఫై ఏడున్నర సెకన్లు పడితే 30 వాట్లది. ఇన్వర్టరును పూర్తిగా ఆపకపోతే అది బ్యాటరీని ఛార్జి చేస్తూ ఫ్యాను లెక్కలో కలిసిపోతుంది కనుక ఈ పరీక్షలో ఎక్కువగా జరిగే పొరపాటు అక్కడే.

కొలతకు ముందు చూసుకోవలసింది మరొకటి ఉంది. ఫ్యాను పైకప్పులో కానీ మోటారు మీది గిన్నెలో కానీ ఉండే కండెన్సరు, అంటే మోటారును తిప్పడానికి సాయపడే 2.5 మైక్రోఫారడ్ల చిన్న డబ్బా, ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడితే ఫ్యాను నెమ్మదిస్తుంది. గాలి రావడం లేదన్న కారణంగా ఫ్యానును మార్చదలచినవారు ముందు ఈ కండెన్సరును మార్పించి చూడడం మంచిది, ఎందుకంటే దాని ధర కొత్త ఫ్యాను ధరలో చాలా చిన్న భాగం.

రెగ్యులేటరు ఎంత ఆదా చేస్తుంది?

రెగ్యులేటరు తగ్గించినా బిల్లు తగ్గదన్న నమ్మకానికి కారణం పాత పెట్టె రెగ్యులేటరు. దానిలో ఉండేది తీగ చుట్ట. ఫ్యానుకు వెళ్లే వోల్టేజిలో కొంత భాగాన్ని అది తనలో వేడిగా ఖర్చు చేసేస్తుంది కనుకనే తక్కువ వేగంలో ఆ పెట్టె మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అప్పుడు కూడా మొత్తం కరెంటు కొంత తగ్గుతుంది కానీ, తగ్గిన గాలితో పోలిస్తే ఆ తగ్గుదల స్వల్పం. తర్వాత వచ్చిన రెండు రకాలు దీనికన్నా మెరుగు. అంచెలంచెలుగా టక్కున తిరిగే రెగ్యులేటరులో కండెన్సర్లు వోల్టేజిని తగ్గిస్తాయి, అవి దాదాపుగా వేడెక్కవు. గుండీ ఆగకుండా తిరిగే రకంలో ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ తలుపు కరెంటు తరంగంలో కొంత భాగాన్ని కత్తిరించి పంపుతుంది. దానిలోనూ వేడి తక్కువే, కానీ కత్తిరించిన తరంగం వల్ల తక్కువ వేగంలో మోటారు గుర్రుమంటుంది. ఇంట్లో ఉన్నది ఏ రకమో మీటరు చుక్కే చెబుతుంది: ఫ్యాను బాగా నెమ్మదించినా మినుకుల మధ్య కాలం కొద్దిగానే పెరిగితే అది పాత పెట్టె రకం.

మేలైన రెగ్యులేటరు ఉన్నా తీరని నష్టం ఒకటి మోటారు లోపలే ఉన్నది. పాత ఫ్యాన్లలో ఉండేది ఇండక్షన్ మోటారు. దాని స్థిర చుట్టల్లో పుట్టే అయస్కాంత క్షేత్రం, సాధారణమైన 14 ధ్రువాల మోటారులో, నిమిషానికి 428 చుట్లు తిరుగుతుంది. రెక్కలను మోసే భాగం దానిని ఎప్పుడూ అందుకోలేక వెనకబడే ఉంటుంది, ఆ వెనకబాటును స్లిప్ అంటారు. వెనకబాటు ఎంత శాతమో, తిరిగే భాగానికి చేరిన శక్తిలో అంత శాతం వేడిగా పోతుందన్నది ఆ మోటారు స్వభావం. రెగ్యులేటరు తగ్గించి ఫ్యానును 214 చుట్లకు తెచ్చినప్పుడు క్షేత్రం మాత్రం అదే 428 చుట్లతో తిరుగుతూ ఉంటుంది కనుక, చేరిన శక్తిలో సగం రెక్కలకు అందకుండానే వేడిగా మారుతుంది. రెగ్యులేటరును ఎంత మంచిది కొన్నా ఈ సగాన్ని అది తిరిగి ఇవ్వలేదు.

బీఎల్‌డీసీ మోటారులో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. ఇంటి కరెంటును ముందు డీసీగా మార్చి, ఒక చిన్న బోర్డు ఆ అయస్కాంతాలు ఎక్కడున్నాయో గమనిస్తూ సరిగ్గా వాటి వేగానికే క్షేత్రాన్ని తిప్పుతుంది. వెనకబాటు లేదు కనుక ఆ నష్టమూ లేదు. అందువల్ల పూర్తి వేగంలో సుమారు 30 వాట్లు లాగే ఈ ఫ్యాను, చలికాలపు రాత్రుల్లో అతి తక్కువ వేగంలో కొన్ని వాట్లతోనే తిరుగుతుంది. వోల్టేజి పడిపోయినప్పుడు పాత ఫ్యాను నీరసిస్తే, ఇది తన వేగాన్ని చాలామేరకు నిలుపుకుంటుంది. చెరువుల ఏరియేటర్ల భారం పడే లైన్ల చివరి ఇళ్లకు ఈ గుణం కరెంటు ఆదాతో సమానమైన ప్రయోజనం. ఇన్వర్టరు మీద నడిచే ఇంట్లో అదే బ్యాటరీ ఫ్యానును రెట్టింపుకు పైగా సేపు తిప్పుతుంది.

రిమోటు విషయంలో మాత్రం అపోహ తొలగవలసి ఉంది. రిమోటుకు కరెంటు ఆదాతో సంబంధం లేదు. మామూలు ఫ్యానుకు రిమోటు తగిలించి అమ్మే రకాల్లో చాలావాటి లోపల ఉండేది పైన చెప్పిన ట్రయాకే. అవి ఆదా చేసేది గోడ మీది రెగ్యులేటరు ఆదా చేసినంతే. పైగా, రిమోటుతో ఆపిన ఫ్యాను సంకేతం కోసం ఎదురుచూస్తూ కొద్దిపాటి కరెంటు తాగుతూనే ఉంటుంది. అది ఒక వాటు అనుకుంటే ఏడాదంతా కలిపి తొమ్మిది యూనిట్లకు మించదు కనుక భయపడనక్కర్లేదు కానీ, గోడ స్విచ్చుతో ఆపితే అదీ ఉండదు.

బిల్లులో కనిపించే రూపాయలు

ఇక అసలు లెక్క. పడకగదిలో 75 వాట్ల పాత ఫ్యాను ఏడాదిలో మూడు వందల రోజులు, రోజుకు పన్నెండు గంటలు పూర్తి వేగంతో తిరిగితే 270 యూనిట్లు. దాని స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ తిరిగితే 108. మిగులు 162 యూనిట్లు, అంటే నెలకు సగటున పదమూడున్నర.

ఈ యూనిట్ల విలువ అందరికీ ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ టారిఫ్‌లో నెలకు మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75 చొప్పున మెట్లున్నాయి. తగ్గే యూనిట్లు ఎప్పుడూ పై మెట్టు నుంచే తగ్గుతాయి. నెలకు 180 యూనిట్లు వాడే ఇంట్లో ఆ 162 యూనిట్ల విలువ ఏడాదికి రూ.972, మూడు వేల ఫ్యాను మూడేళ్లకు పైబడి ధర రాబడుతుంది. రెండు ఫ్యాన్లు, రెండు దీపాలతో నెలకు 70 యూనిట్లు దాటని ఇంట్లో అదే మిగులు రూ.486 మాత్రమే, ధర రాబట్టడానికి ఆరేళ్లు పడుతుంది. ఇంధన సర్దుబాటు ఛార్జీలు, సుంకం కలిపితే ఈ కాలం కొంత తగ్గుతుంది. ఎవరి బిల్లు చిన్నదో వారికే ఈ ఆదా ఆలస్యంగా అందడం విచారకరం.

పాత ఫ్యాను కాలిపోయి ఎలాగూ కొత్తది కొనవలసి వచ్చినప్పుడు పోలిక మారుతుంది, దుకాణంలో ఎవరూ చెప్పనిది ఇదే. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. దాని మీద సర్వీస్ వాల్యూ అనే సంఖ్య ఉంటుంది. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలిని ఒక్క వాటుతో కదిలిస్తుందన్నది దాని అర్థం. 1200 మిల్లీమీటర్ల ఫ్యానుకు అప్పుడు నిర్ణయించిన ప్రకారం ఒక స్టారుకు 4, అయిదు స్టార్లకు 6 ఉండాలి. నిమిషానికి కనీసం 210 ఘనపు మీటర్ల గాలి ఇవ్వాలన్న ప్రమాణానికి ఒక స్టారు ఫ్యాను సుమారు 52 వాట్లు, అయిదు స్టార్లది 35 వాట్ల లోపు వాడుతుందన్నమాట. కనుక కొత్త మామూలు ఫ్యానే 75 వాట్లది కాదు. 52కూ 30కీ మధ్య తేడా ఏడాదికి 79 యూనిట్లు. ధరలో తేడా రూ.1,400 అయితే ఆరు రూపాయల మెట్టులో అదీ మూడేళ్లకే తిరిగి వస్తుంది. సగానికి పైగా ఆదా అన్న మాట పాత ఫ్యానుతో పోలిస్తేనే నిజం.

వెనక కథ, క్లుప్తంగా

సీలింగ్ ఫ్యానుకు విద్యుత్ మోటారును జోడించిన ఘనత 1880లలో అమెరికాకు చెందిన ఫిలిప్ డీల్‌ది. మన దేశంలో కోయంబత్తూరు సంస్థ వెర్సా డ్రైవ్స్ 2012లో సూపర్‌ఫ్యాన్ పేరుతో బీఎల్‌డీసీ ఫ్యానును తెచ్చింది. 2016 ఏప్రిల్‌లో విజయవాడ వేదికగా కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ పొదుపు ఫ్యాన్ల జాతీయ పథకం మొదలైంది, దాని ప్రకారం 50 వాట్ల ఫ్యానును వాయిదాలలో కరెంటు బిల్లుతో కలిపి కట్టుకునే వెసులుబాటు ఉండేది.

బిగించేటప్పుడు

బీఎల్‌డీసీ ఫ్యానును పాత రెగ్యులేటరు గుండా కలపకూడదు. కత్తిరించిన తరంగం బోర్డుకు చేరితే ఫ్యాను ఆగి ఆగి తిరుగుతుంది, లేదా బోర్డు పోతుంది. రెగ్యులేటరును పూర్తిగా తప్పించి స్విచ్చు నుంచి నేరుగా తీగ వేయించాలి. రెగ్యులేటరుతో పనిచేస్తుందని తయారీదారు రాసిచ్చిన మోడళ్లకు మాత్రమే మినహాయింపు. ఒకే గదిలో ఒకే రకం ఫ్యాన్లు రెండు బిగిస్తే ఒక రిమోటుకు రెండూ కదలవచ్చు.

ఉప్పుగాలి, తేమ, పిడుగులు బోర్డుకు శత్రువులు. న్యూట్రల్ తీగ తెగినప్పుడు ఇంట్లోకి 230 వోల్టుల స్థానంలో 400 దాకా రావచ్చు, అప్పుడు చుట్టలతో మాత్రమే నడిచే పాత ఫ్యానుకన్నా ముందు పోయేది బీఎల్‌డీసీ బోర్డే. చుట్ట కాలిన పాత ఫ్యానును ఊళ్లోనే తిరిగి చుట్టించుకోవచ్చు, బోర్డును మాత్రం అదే కంపెనీ దగ్గర తెప్పించుకోవాలి. అందువల్ల ఇంటిలో అన్నిటినీ ఒకేసారి మార్చక, ఎక్కువ గంటలు తిరిగే పడకగది ఫ్యానుతో మొదలుపెట్టి, కొనేముందు వారంటీ కార్డులో మోటారుకు ఎన్నేళ్లు, బోర్డుకు ఎన్నేళ్లు అని విడివిడిగా రాసి ఉందో చదివి, ఆ బోర్డు బందరులో దొరుకుతుందో లేదో దుకాణదారుని అడగడం మేలు.