రెండు గీతలు ఎక్కడ విడిపోయాయి?

మొయినాబాద్ చుట్టుపక్కల విద్యాజ్యోతి, జేబీ, కేజీ రెడ్డి లాంటి ఇంజినీరింగ్ కళాశాలల్లో ఈఈఈ, ఈసీఈ చదువుతున్నారా? అయితే 'డీసీ మోటార్ స్పీడ్ కంట్రోల్' అనే ప్రాజెక్టు పేరు మీకు కొత్తేం కాదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ కొత్త కాదు. పేరు వినగానే వాళ్లు అడగదగిన ప్రశ్న ఒకటే: "సిమ్యులేషన్‌లో వచ్చిందీ, బోర్డు మీద వచ్చిందీ ఒకటేనా?" అక్కడ "ఒకటేనండీ" అంటే మాట అంతటితో ఆగిపోతుంది. ఆ రెండూ మొదటిసారే కలవవని అడిగినవాళ్లకు బాగా తెలుసు. ఎక్కడ, ఎంత, ఎందుకు తేడా వచ్చిందో చెప్పగలిగితే మాత్రం పాత ప్రాజెక్టే మీ సొంతమవుతుంది. అదెలాగో ఒక చిన్న మోటారుతో చూద్దాం. ఇక్కడి అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి. మీ మోటారుకు మీ కొలతలే వాడాలి.

ముందు కొలవండి, తర్వాతే మోడల్

నెట్‌లో దొరికిన మోటారు విలువలను మ్యాట్‌ల్యాబ్‌లో వేస్తే అందమైన గ్రాఫ్ వస్తుంది. కానీ అది మీ టేబుల్ మీదున్న మోటారుది కాదు. ఎన్‌కోడర్ ఉన్న 12 వోల్టుల మోటారుకు ల్యాబ్‌లోని పవర్ సప్లై, మల్టీమీటరుతోనే కావాల్సినవన్నీ రాబట్టొచ్చు.

మొదటిది ఆర్మేచర్ రెసిస్టెన్స్. షాఫ్టు తిరగకుండా పట్టుకుని 2 వోల్టులు ఇవ్వండి. కరెంటు 0.25 ఆంపియర్ వస్తే రెసిస్టెన్స్ 8 ఓములు. బ్రష్‌లు ఆనుకున్న చోటును బట్టి ఇది మారుతుంది కాబట్టి షాఫ్టును కొంచెం కొంచెం తిప్పి నాలుగుసార్లు చూసి సగటు తీసుకోండి. షాఫ్టు పట్టుకుని పూర్తి 12 వోల్టులు మాత్రం ఇవ్వొద్దు, వైండింగ్ వేడెక్కుతుంది.

రెండోది మోటారు స్థిరాంకం K. సప్లై నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తే ఖాళీగా 3,000 ఆర్‌పీఎం, అంటే సెకనుకు 314 రేడియన్లు తిరుగుతూ 0.1 ఆంపియర్ తీసుకుంటోందనుకోండి. రెసిస్టెన్స్‌లో 0.8 వోల్టు పోతుంది. మిగిలిన 11.2ను 314తో భాగిస్తే K సుమారు 0.0357. దీన్ని 0.1 ఆంపియరుతో గుణిస్తే ఘర్షణకు ఖర్చయ్యే టార్క్ 0.00357 న్యూటన్ మీటర్లని తేలుతుంది.

మూడోది జడత్వం J. మోటారు పూర్తి వేగంతో తిరుగుతుండగా ఒక వైరు పీకేసి, ఆగేదాకా ఎన్‌కోడర్ రీడింగులు రికార్డు చేయండి. 1.5 సెకన్లలో ఆగితే వేగం సెకనుకు సుమారు 209 రేడియన్ల చొప్పున తగ్గినట్టు. ఘర్షణ టార్క్‌ను దీంతో భాగిస్తే J = 1.7e-5 వస్తుంది. వేగం తగ్గే గీత ఆకారాన్ని కూడా నోట్ చేసుకోండి, కాసేపట్లో అది పనికొస్తుంది.

ఇండక్టెన్స్‌ను 4 మిల్లీహెన్రీలు అనుకుందాం. దాని టైమ్ కాన్‌స్టంట్ అర మిల్లీసెకనే. మోటారు వేగం అందుకోవడానికి పట్టే టైమ్ కాన్‌స్టంట్ దాదాపు 100 మిల్లీసెకన్లు కాబట్టి ఇది కొంచెం తప్పినా నష్టం లేదు. ఇక మోడల్ ఇంతే:

```
R=8; L=0.004; K=0.0357; J=1.7e-5; b=1.14e-5;
s=tf('s');
G=K/((J*s+b)*(L*s+R)+K^2);
[y,t]=step(12*G,1);
d=csvread('motor12.csv');
plot(t,y*60/(2*pi), d(:,1),d(:,2),'.')
```

`motor12.csv`లో మొదటి నిలువు వరుస టైమ్, రెండోది మీరు కొలిచిన ఆర్‌పీఎం. మ్యాట్‌ల్యాబ్ అందుబాటులో లేకపోతే ఉచితంగా దొరికే ఆక్టేవ్‌లోనూ `pkg load control` ఇచ్చి ఇదే కోడ్ నడపొచ్చు.

హార్డ్‌వేర్ కొనకముందే ఈ లెక్క ఒక మేలు చేస్తుంది. 12 వోల్టులను 8 ఓములతో భాగిస్తే స్టార్టింగ్ కరెంటు 1.5 ఆంపియర్లు. ఎల్298ఎన్ డ్రైవర్ ఒక్కో చానెల్‌కు నిలకడగా 2 ఆంపియర్ల వరకు తట్టుకుంటుంది కాబట్టి సరిపోతుంది. రెసిస్టెన్స్ 4 ఓములే అయ్యుంటే 3 ఆంపియర్లు లాగేది. ఆ సంగతి డ్రైవర్ కాలి, మళ్లీ మెహిదీపట్నం బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాక తెలుసుకోవడం కన్నా ఇప్పుడే తెలియడం మంచిది కదా!

12 దగ్గర కలిసి, 6 దగ్గర విడిపోతే?

12 వోల్టుల దగ్గర మోడల్, మోటారు రెండూ 3,000 ఆర్‌పీఎం చూపిస్తాయి. ఇది చూసి మురిసిపోవద్దు. ఆ రీడింగ్‌తోనే మోడల్ కట్టాం కాబట్టి కలవక చస్తుందా! అసలు పరీక్ష మోడల్‌కు చూపించని రీడింగ్‌తో పెట్టాలి. సప్లైని 6 వోల్టులకు తగ్గించండి. మోడల్ సరిగ్గా సగం, 1,500 ఆర్‌పీఎం అంటుంది. మోటారు మాత్రం 1,390 దగ్గరే ఆగిందనుకోండి. ఈ 110 ఎక్కడికి పోయాయి?

ఇందాక నోట్ చేసుకున్న గీతను తీయండి. మోడల్‌లోని b అంటే వేగంతో పాటు పెరిగే ఘర్షణ. అదే నిజమైతే వైరు పీకాక వేగం మొదట గబగబా, తర్వాత మెల్లగా తగ్గుతూ వంపు తిరిగిన గీత రావాలి. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా దిగితే, ఘర్షణ వేగంతో సంబంధం లేకుండా ఒకేలా ఉన్నట్టు. బ్రష్‌లు, బేరింగుల పొడి ఘర్షణ అలాగే ఉంటుంది. అప్పుడు 6 వోల్టుల్లోంచి కూడా 0.8 వోల్టు ఘర్షణకే పోతుంది. మిగిలిన 5.2ను Kతో భాగించి చూడండి, 1,390 ఆర్‌పీఎం వస్తుంది. సిమ్యులింక్‌లో b తీసేసి, తిరుగుతున్న దిశకు ఎదురుగా పనిచేసే స్థిరమైన టార్క్ పెడితే రెండు వోల్టేజీల దగ్గరా గీతలు కలుస్తాయి.

ఎత్తు తగ్గిందా, ఆలస్యమైందా?

ఇప్పుడు సప్లై నుంచి నేరుగా కాకుండా ఎల్298ఎన్ ద్వారా, పీడబ్ల్యూఎం 100 శాతం పెట్టి నడపండి. వేగం 3,000కు బదులు 2,500 లోపే ఆగితే మోటారు పాడైందని కంగారు పడొద్దు. గీతను రెండు రకాలుగా చదవండి. చివరి వేగంలో 63 శాతం అందుకోవడానికి పట్టిన సమయం మునుపటిలాగే 0.1 సెకను దగ్గరుంటే జడత్వం, రెసిస్టెన్స్ సరిగ్గానే కొలిచారు. ఎత్తు ఒక్కటే తగ్గిందంటే మోటారుకు అందే వోల్టేజీ తక్కువన్నమాట. మోటారు తిరుగుతుండగా దాని టెర్మినళ్ల దగ్గరే మల్టీమీటరు పెట్టండి. 12కు బదులు 10 వోల్టులు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఎల్298ఎన్ లోపల బైపోలార్ ట్రాన్సిస్టర్లుంటాయి, దాదాపు 2 వోల్టులు వాటిలోనే పోతాయి. మోడల్‌లో మోటారుకు ముందు 10/12 గెయిన్ పెడితే సరి. ఎత్తు సరిపోయి సమయం తేడా వస్తే మాత్రం J దగ్గరకు తిరిగి వెళ్లాలి.

ఇక్కడే కొలత మీద కూడా ఒక కన్నేయండి. ఎన్‌కోడర్ ఒక చుట్టుకు 11 పల్సులు ఇస్తూ, మీరు ప్రతి 10 మిల్లీసెకన్లకు పల్సులు లెక్కపెడుతుంటే 1,500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి 2, మరోసారి 3 పల్సులు వస్తాయి. ఒక్క పల్సు తేడా అంటే 545 ఆర్‌పీఎం! గ్రాఫ్ 1,090కీ 1,636కీ మధ్య గెంతుతుంటుంది. అక్కడ ఊగుతున్నది మోటారు కాదు, మీ లెక్క. పల్సుకూ పల్సుకూ మధ్య కాలాన్ని మైక్రోసెకన్లలో కొలిస్తే ఈ గెంతులు చాలావరకు పోతాయి.

కంట్రోలర్ అడిగింది, బోర్డు ఇవ్వలేనిది

ఇప్పుడు పీఐ కంట్రోలర్. Kp = 0.076, Ki = 0.76 తీసుకుని 2,200 ఆర్‌పీఎం టార్గెట్ ఇస్తే, మొదట రాసిన మోడల్ G మీద సిమ్యులేషన్ 0.2 సెకన్లలో టార్గెట్ దగ్గరకు చేరుతుంది, ఒక్క ఆర్‌పీఎం కూడా దాటదు. బోర్డు మీద మాత్రం 2,200 దాటి 2,300 పైకి వెళ్లి, తర్వాత నింపాదిగా దిగుతుంది. ఇలా చూడగానే చాలామంది Kp, Kiలను మార్చడం మొదలుపెడతారు. దానికన్నా ముందు సిమ్యులేషన్‌లో వేగం బదులు కంట్రోలర్ అడుగుతున్న వోల్టేజీని ప్లాట్ చేసి చూడండి. మొదటి క్షణంలో అది 17.5 వోల్టులు!

మీ సప్లై 12 వోల్టులదే, మోటారుకు చేరేది 10. అడిగినంత అందక మోటారు నెమ్మదిగా వేగం అందుకుంటుంటే, ఆ కాలమంతా ఇంటిగ్రల్ భాగం లోపాన్ని కూడబెట్టుకుంటూ పోతుంది. టార్గెట్ చేరాక కూడా ఆ మూట దించుకునేదాకా అదనపు వోల్టేజీ ఇస్తూనే ఉంటుంది. దీన్నే ఇంటిగ్రల్ వైండప్ అంటారు. మరి వైండప్పేనని రుజువేంటి? అదే బోర్డు మీద టార్గెట్ 1,400 ఇవ్వండి. అప్పుడు కంట్రోలర్ అడిగేది 11.1 వోల్టులే, హద్దు దాటదు. ఆ దాటిపోవడం మాయమైతే తప్పు గెయిన్లది కాదు, హద్దుది.

పరిష్కారం రెండు చోట్లా చేయాలి. సిమ్యులింక్‌లో కంట్రోలర్ తర్వాత `Saturation` బ్లాకు పెట్టి 0 నుంచి 12 హద్దులివ్వండి. ముందు ఇంటిగ్రల్‌ను ముట్టుకోకుండా ఒకసారి నడిపితే బోర్డు మీద చూసిన దాటిపోవడమే తెర మీదా కనిపిస్తుంది. కారణం సరిగ్గా పట్టుకున్నారనడానికి అదే సాక్ష్యం. తర్వాత ఆర్డుయినోలో వోల్టేజీ హద్దు దాటినప్పుడు కూడబెట్టడం ఆపేయండి:

```
u = Kp*e + Ki*sum;
if (u < 12 || e < 0) sum += e*dt;
u = constrain(u, 0, 12);
```

ఇదే షరతును మోడల్‌లోనూ పెట్టండి. దాటిపోవడం బాగా తగ్గుతుంది, రెండు గీతలూ దగ్గరవుతాయి. పూర్తిగా ఒకదానిపై ఒకటి పడవు. మోటారు వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, బయల్దేరేటప్పటి ఘర్షణ తిరిగేటప్పటికన్నా ఎక్కువ. వీటిని మోడల్‌లో పెట్టలేదని రిపోర్టులో రాయండి. మోడల్‌ను ఏ వేగాల మధ్య పరీక్షించారో ఆ హద్దులూ రాయండి.

రెజ్యూమెలో ఏం రాయాలి?

'మ్యాట్‌ల్యాబ్‌తో డీసీ మోటార్ వేగ నియంత్రణ' అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. 'డ్రైవర్‌లో 2 వోల్టుల నష్టం, పొడి ఘర్షణ, వోల్టేజీ హద్దులను మోడల్‌లో చేర్చి సిమ్యులేషన్‌కూ కొలతకూ మధ్య తేడా తగ్గించాను' అని రాసి, మీరు కొలిచిన ముందు, తర్వాత తేడాలను ఆర్‌పీఎంలో ఇవ్వండి. ఇంటర్వ్యూకు మూడు ప్రింట్లు పట్టుకెళ్లండి: విడిపోయిన గీతలు, కారణాన్ని రుజువు చేసిన పరీక్ష, సరిచేశాక వచ్చిన గీతలు. బయటకు తీసేటప్పుడు మొదట చూపాల్సింది ఆ విడిపోయిన గీతలనే.