అద్దె పెరిగితే ధర పెంచాలా?

ఫ్రెంచి గణితవేత్త ఆంత్వాన్ ఒగుస్తాన్ కూర్నో 1838లో ప్రచురించిన పుస్తకంలో ఒక ఔషధ జలాల ఊటను ఊహించాడు. ఆ నీరు ఇంకెక్కడా దొరకదు. యజమాని ధర మరీ పెంచితే కొనేవాళ్లుండరు, మరీ దించితే ఎంత అమ్మినా చేతికి డబ్బు రాదు. ఈ రెండింటి మధ్య సరైన ధర ఎక్కడుందో కూర్నో అవకలజంతో పట్టుకున్నాడు. ఆ పద్ధతి చెప్పే సంగతుల్లో అన్నిటికన్నా విలువైనది, నా దృష్టిలో, ఇది: అద్దెలాంటి స్థిర వ్యయానికి ధర నిర్ణయంలో చోటు లేదు.

లెక్క కోసం అంకెలు వేసుకుందాం. రోజుకు q సీసాలు అమ్ముడుపోవాలంటే ధర p = 100 − q ఫ్రాంకులు ఉండాలి. రాబడి 100q − q², దాని అవకలజం 100 − 2q. ఇదే ఉపాంత రాబడి. ఇది ధరకన్నా ఎప్పుడూ తక్కువే, ఎందుకంటే ఇంకో సీసా అమ్మాలంటే మిగతా సీసాల ధర కూడా తగ్గించాలి. సీసాకు 20 ఫ్రాంకులు, రోజుకు అద్దె 600 ఖర్చనుకుంటే మొత్తం వ్యయం 600 + 20q. దాని అవకలజం, అంటే ఉపాంత వ్యయం, 20. రెండూ సమానమయ్యేది q = 40 దగ్గర, ధర 60, లాభం 1000. రాబడి గరిష్ఠమయ్యేది 50 సీసాల దగ్గరే అయినా, అక్కడ లాభం 900కు పడిపోతుంది.

ఇప్పుడు అద్దె 900 అయిందనుకోండి. ఆ నష్టాన్ని కొనేవాళ్ల మీద వేయడం న్యాయమే కదా అనిపిస్తుంది. కానీ స్థిర సంఖ్య అవకలజం సున్నా. ధర 60 దగ్గరే ఉంచితే లాభం 700, పంతానికి 70 చేస్తే 30 సీసాలే పోయి 600 మిగులుతుంది. 70 మేలైన ధరే అయితే పాత అద్దెకే దాన్ని పెట్టి ఉండాల్సింది. అద్దె తేల్చేది ఊటను నడపాలా, మూసేయాలా అన్నది మాత్రమే. సీసా ఖర్చు 30కి పెరిగితే సంగతి వేరు: అప్పుడు ధర 65కు చేరుతుంది, అదనపు భారంలో సగమే కొనేవాళ్లకు వెళుతుంది.

వ్యాపారుల్లో ఎక్కువమంది ఇలా లెక్కించరని, మొత్తం ఖర్చు మీద కొంత శాతం కలుపుకుంటారని 1939లో ఆక్స్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు హాల్, హిచ్ తమ పరిశీలన ఆధారంగా వాదించారు. బలమైన అభ్యంతరమే, డిమాండ్ ప్రమేయం ఎవరి చేతిలోనూ రాసి ఉండదు. అయితే మొత్తం ప్రమేయం తెలియనక్కర్లేదు, ఇప్పటి ధరకు అటూ ఇటూ కాస్త తెలిస్తే చాలు. 60 నుంచి 59కి దించితే 41 సీసాలు పోయి రాబడి 19 పెరుగుతుంది, ఖర్చు 20 పెరుగుతుంది. 61 చేస్తే ఖర్చు 20 తగ్గుతుంది, రాబడి 21 తగ్గుతుంది. ఎటు కదిలినా నష్టమే గనుక ఉన్నచోటే సరైనదని తెలుస్తుంది. ఈ పరీక్ష తప్పేది ధర మార్చి చూసే రోజుల్లోనే గిరాకీ వేరే కారణంతో మారినప్పుడు, లేదా పక్కన మరో ఊట యజమాని ఉన్నప్పుడు. ఆ రెండో చిక్కును కూర్నో అదే పుస్తకంలో విడిగా లెక్కగట్టాడు.