విడాకుల డిక్రీ తరువాత గుర్తింపు, బ్యాంకు, పాస్‌పోర్టు రికార్డుల సవరణ

కుటుంబ న్యాయస్థానం విడాకుల డిక్రీ ఇచ్చిన రోజునే వివాహ బంధం చట్టరీత్యా ముగుస్తుంది. కాని ఆ సమాచారం దానంతట అది ఏ కార్యాలయానికీ చేరదు. ప్రతి రికార్డును మీరే సవరించుకోవాలి. ఈ భాగంలో ఏ రికార్డులో ఏమి మారుతుందో, ఏ క్రమంలో మార్చుకోవాలో పరిశీలిద్దాం.

1. ధ్రువీకృత నకలు

మొదట కావలసింది న్యాయస్థానం ముద్ర ఉన్న డిక్రీ ధ్రువీకృత నకలు. సాధారణ జిరాక్సు ప్రతిని చాలా చోట్ల అంగీకరించరు. హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 23 ప్రకారం విడాకుల డిక్రీ నకలు ఇరుపక్షాలకూ ఉచితంగా ఇవ్వాలి. అదనపు నకళ్లకు న్యాయస్థానంలోని నకళ్ల విభాగంలో దరఖాస్తు చేయాలి.

నకలు చేతికి రాగానే అందులోని పేర్ల అక్షరక్రమాన్ని మీ ఇతర పత్రాలతో పోల్చి చూడండి. డిక్రీలోనే రాతపొరపాటు ఉంటే, సివిల్ ప్రక్రియా స్మృతి సెక్షన్ 152 కింద అదే న్యాయస్థానాన్ని సవరణ కోరవచ్చు. ఇక్కడ సరిచేయని తప్పు తరువాతి ప్రతి కార్యాలయంలోనూ అడ్డుపడుతుంది.

2. ఏ రికార్డులో ఏమి ఉంటుంది?

వైవాహిక స్థితి అన్ని పత్రాలలోనూ ఒకే విధంగా నమోదు కాదు. ఆధార్‌లో అలాంటి గడి లేదు. చిరునామా భాగంలో భర్త పేరు ఉండవచ్చు, పేరులో అత్తింటి ఇంటిపేరు ఉండవచ్చు. పాన్ కార్డుపై వివాహిత అయినా తండ్రి పేరే ఉంటుంది కాబట్టి, అక్కడ ఇంటిపేరు మారి ఉంటేనే సవరణ అవసరం. బ్యాంకు ఖాతాదారు వివరాలలో వైవాహిక స్థితి, నామినీ పేరు ఉంటాయి. పాస్‌పోర్టు చివరి పుటలో జీవిత భాగస్వామి పేరు ఉంటుంది.

3. ఒక ఉదాహరణ

హనుమకొండలో ఒక ఉపాధ్యాయిని ఉన్నారనుకుందాం. పెళ్లయ్యాక ఆమె ఆధార్, పాన్, బ్యాంకు, పాస్‌పోర్టులన్నిటిలో భర్త ఇంటిపేరు పెట్టుకున్నారు. పదవ తరగతి మెమోలో, డిగ్రీ పట్టాలో మాత్రం పుట్టింటి ఇంటిపేరే ఉంది. విడాకుల తరువాత ఆమె ఆ పేరుకే తిరిగి రావాలనుకున్నారు.

ఆమె మొదట ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చుకోవచ్చు. పెళ్లప్పుడు ఒక అవకాశం అయిపోయింది. ఇప్పుడు వాడేది చివరిది. ఇంటిపేరును పూర్తిగా రాయించాలా, పొడి అక్షరంగా రాయించాలా అన్నది పదవ తరగతి మెమోను ముందు పెట్టుకుని నిర్ణయించుకోవాలి. రసీదు ఇచ్చే ముందు తెరపై చూపే వివరాలను అక్షరం అక్షరం చదవాలి. భర్త పేరు తొలగింపును కూడా అప్పుడే కోరాలి.

తరువాత పాన్. ఆధార్‌తో పేరు సరిపోలకపోతే రెండింటి అనుసంధానంలో చిక్కు వస్తుంది. అందుకే కొత్త ఆధార్ వచ్చాకనే పాన్ సవరణకు దరఖాస్తు చేయాలి. పాన్ సంఖ్య మారదు.

ఆ రెండు పత్రాలు, డిక్రీ నకలు తీసుకుని బ్యాంకుకు వెళితే పేరు, వైవాహిక స్థితి ఒకేసారి మారతాయి. సంతకం మారితే కొత్త నమూనా సంతకం ఇవ్వాలి.

చివరిది పాస్‌పోర్టు. ఇందులో దిద్దుబాటు ఉండదు, కొత్త పుస్తకమే ఇస్తారు. పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో పునర్జారీకి దరఖాస్తు చేసి, వ్యక్తిగత వివరాలలో మార్పును కారణంగా చూపాలి. పాత పాస్‌పోర్టు, డిక్రీ ధ్రువీకృత నకలు, కొత్త ఆధార్ తీసుకుని సేవా కేంద్రంలో హాజరు కావాలి. కొత్త పుస్తకానికి కొత్త సంఖ్య వస్తుంది. పాత దానిలో గడువున్న వీసా ఉంటే దానిని జాగ్రత్తగా అట్టే పెట్టుకోవాలి.

4. ఎక్కువగా మరచిపోయేవి

డిక్రీ వచ్చినంత మాత్రాన బ్యాంకులోని నామినేషన్ రద్దు కాదు. ఖాతాదారు మరణిస్తే బ్యాంకు తన రికార్డులో ఉన్న నామినీకే, అంటే మాజీ భర్తకే, సొమ్ము చెల్లిస్తుంది. నామినీ చట్టరీత్యా ఆ సొమ్ముకు యజమాని కాడు, వారసుల తరఫున పుచ్చుకునేవాడు మాత్రమే. అయినా అది తిరిగి రాబట్టుకోవడానికి వారసులు న్యాయస్థానం మెట్లెక్కవలసి రావచ్చు. కనుక స్థితి మార్పుతోపాటు నామినేషన్ మార్పు పత్రాన్ని విడిగా ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రతి ఫిక్స్‌డ్ డిపాజిట్టునూ, లాకరునూ విడివిడిగా సరిచూడండి.

ఉమ్మడి ఖాతా మరొకటి. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చన్న షరతుతో ఉన్న ఖాతాలో విడాకుల తరువాత కూడా మాజీ భాగస్వామి డబ్బు తీసుకోగలరు. ఖాతాను మూసివేయడానికి సాధారణంగా ఇద్దరి సంతకాలూ కావాలి. అవి వెంటనే కుదరకపోతే, ఒక్కరి సంతకంతో చెల్లింపులు చేయవద్దని బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలపండి. ఈ పని ఆధార్ మార్పు కోసం ఆగకుండా చేయవలసినది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉదాహరణలో పాన్ కంటే ముందు ఆధార్‌ను ఎందుకు సవరించాలి?
2. పెళ్లి తరువాత పేరు మార్చుకోని స్త్రీ విడాకులు పొందితే, ఏయే రికార్డులలో ఏమి సవరించుకోవాలి?