ఎనిమిది పులుల్లో ఐదే మళ్లీ కనిపించాయి: మిగతా మూడూ చనిపోయినట్టేనా?

అంబర్‌పేట్ నుంచి ఇంకో ఎపిసోడ్. ఇవాళ్టిది ముఖ్యంగా ఎకాలజీ చదివేవాళ్ల కోసం. మన దగ్గర్నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే నల్లమలలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వస్తుంది కదా, అక్కడే మొదలుపెడదాం.

ఒక సీజన్‌లో కెమెరా ట్రాప్‌లలో 8 పెద్ద పులులు పడ్డాయి అనుకోండి. ఏ పులి చారలు దానివే కాబట్టి ఫొటో చూసి ఏది ఏదో చెప్పొచ్చు. మరుసటి ఏడాది వాటిలో 5 మళ్లీ కనిపించాయి. (ఈ 8, 5 లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు.) ఐదుని ఎనిమిదితో భాగిస్తే దాదాపు 63 శాతం. సర్వైవల్ 63 శాతం అని రిపోర్టులో రాసేయొచ్చా? ఒక్క పులి ఎక్కువ కనిపించి ఉంటే అది 75 అయ్యేది. అంటే ఆ ఒక్క అంకెని నమ్ముకోలేం. ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పాలి.

దానికి బీటా డిస్ట్రిబ్యూషన్ వాడతారు. పేరు చూసి భయపడకండి. దాన్లో రెండు అంకెలు ఉంటాయి: ఒకటి బతికినవాటి వైపు, ఇంకోటి బతకనివాటి వైపు. డేటా చూడకముందు మనకున్న అంచనా ప్రయర్. దానికి మన డేటా కలిపితే వచ్చేది పోస్టీరియర్. కలపడం అంటే నిజంగా కూడికే.

మనకేమీ తెలీదు అనుకుంటే ప్రయర్ (1, 1). దానికి 5, 3 కలిపితే (6, 4). దీని 95 శాతం ఇంటర్వెల్ 0.30 నుంచి 0.86. అంటే ఏడాదిలో పది పులుల్లో మూడే బతుకుతాయేమో, తొమ్మిది దాకా బతుకుతాయేమో! దీంతో ఫారెస్ట్ వాళ్లు ఏం చేసుకుంటారు?

కానీ నిజంగా ఏమీ తెలీదా? కర్ణాటక నాగరహోళెలో ఉల్లాస్ కారంత్ టీమ్ 1991 నుంచి 2000 వరకు కెమెరాలు పెట్టి 74 పులుల్ని గుర్తించింది. 2006లో వచ్చిన వాళ్ల పేపర్‌లో ఏడాది సర్వైవల్ 0.77, స్టాండర్డ్ ఎర్రర్ 0.051. దీన్ని బీటాలోకి మారిస్తే సుమారు (52, 15) వస్తుంది. రెండూ కూడితే 67. అంటే ఈ ప్రయర్ బరువు 67 పులులంత. మన దగ్గరున్నవి ఎనిమిదే! కలిపితే (57, 18), ఇంటర్వెల్ 0.66 నుంచి 0.85. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ ఇది చెప్పేది నాగరహోళె గురించి. అమ్రాబాద్ మాట దాన్లో వినపడదు. అక్కడి అడవి వేరు, వేట జంతువులు ఎన్ని ఉన్నాయన్నదీ వేరు.

అందుకే అరువు తెచ్చుకున్న ప్రయర్ బరువు తగ్గించాలి. సగటు దాదాపు అదే ఉంచి (7, 2) తీసుకుందాం. ఇది 9 పులుల బరువు, మన ఎనిమిదికి సరిజోడు. కలిపితే (12, 5). ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి ఇవి కొట్టండి:

```
=BETA.INV(0.025, 12, 5, 0, 1)
=BETA.INV(0.975, 12, 5, 0, 1)
```

0.48, 0.89 వస్తాయి. సగటు 0.71. ఈ ప్రయర్, ఈ మోడల్ సరైనవే అనుకుంటే, అసలు రేటు ఈ రెండిటి మధ్య ఉండే అవకాశం 95 శాతం. తొమ్మిదే ఎందుకు, పదిహేను ఎందుకు కాదు అని మీ గైడ్ అడుగుతారు. అడగాలి కూడా. అందుకే మూడు ప్రయర్‌లతోనూ చేసి, మూడు ఇంటర్వెల్స్‌నీ పక్కపక్కన చూపించండి. ప్రయర్ మారిస్తే జవాబు బాగా మారిపోతోందంటే, డేటా ఇంకా సరిపోలేదన్నమాట.

ఇప్పుడు అసలు చిక్కు. కనిపించని ఆ మూడూ చనిపోయాయని ఎవరు చెప్పారు? బతికున్న పులి కూడా కెమెరా ముందుకి రాకపోవచ్చు. బతికున్న ప్రతి పులీ కెమెరాకి చిక్కే అవకాశం 0.8 అనుకోండి. అప్పుడు 0.625ని 0.8తో భాగించాలి. 0.78 వస్తుంది, దాదాపు నాగరహోళె అంకె! మనం చావు అనుకున్నదాంట్లో చాలా భాగం కెమెరా లోపమే అయ్యుండొచ్చు. ఇది ప్రయర్‌తో తీరే సమస్య కాదు. పైన చేసిన కూడికకి ఈ సంగతే తెలీదు.

రెండు సీజన్లతో చావునీ, కనిపించకపోవడాన్నీ విడదీయలేం. కనీసం మూడు కావాలి. రెండో ఏడాది కనపడని పులి మూడో ఏడాది ప్రత్యక్షమైతే, మధ్యలో అది బతికే ఉంది, కెమెరాకే దొరకలేదు అని తేలుతుంది. అలాంటివాటిని లెక్కపెట్టే చిక్కే అవకాశాన్ని అంచనా వేస్తారు. కార్మాక్-జాలీ-సెబర్ మోడల్ చేసేది ఇదే. దాన్లో సర్వైవల్‌కో ప్రయర్, చిక్కే అవకాశానికో ప్రయర్ ఇస్తారు.

అయినా ఒకటి మిగిలిపోతుంది. కుర్ర మగపులి కృష్ణ దాటి అవతల నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వ్‌కి వెళ్లిపోయి తిరిగి రాకపోతే, ఈ మోడల్‌కి అది చచ్చిన పులే. అందుకే రిపోర్టులో ‘సర్వైవల్’ అని కాకుండా ‘అపారెంట్ సర్వైవల్’ అని రాయండి. ఆ పక్కనే ఇంటర్వెల్, ఏ ప్రయర్, దాని బరువు ఎన్ని పులులు అనేది కూడా రాయండి. అవతలి ఒడ్డు ఫొటోలతో చారలు పోల్చి చూసేదాకా, ఆ మూడూ చనిపోయాయని మాత్రం రాయకండి.