దారి పెరిగితేనే దశ ముగిసినట్టు

*ఒక నెట్‌వర్క్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి గరిష్ఠంగా ఎంత సరుకు పంపగలం? ఈ లెక్కను మాస్కోలో ఒక విద్యార్థి దశలుగా విడగొట్టాడు. ఆ దశలు ఎన్నటికీ ఒక హద్దు దాటవు. ఎందుకు దాటవో చెప్పే రుజువు చిన్నదే, కాగితం మీద ఎవరైనా సరిచూసుకోవచ్చు.*

రైలు పటంతో మొదలు

1955లో అమెరికాలోని ర్యాండ్ సంస్థకు హారిస్, రాస్ అనే ఇద్దరు ఒక రహస్య నివేదిక రాసిచ్చారు. సోవియట్ యూనియన్ నుంచి తూర్పు యూరప్‌కు వెళ్లే రైలు మార్గాలను 44 కూడళ్లు, 105 లైన్లు ఉన్న పటంగా గీశారు. ఒక్కో లైను మీద ఎంత సరుకు పోగలదో రాసుకుని, మొత్తంగా 1,63,000 టన్నులు దాటించవచ్చని తేల్చారు. ఎక్కడెక్కడ తెంపితే ఆ రవాణా ఆగిపోతుందో కూడా గుర్తించారు. ఆ నివేదిక 1999 దాకా బయటికి రాలేదు.

హారిస్ ఈ ప్రశ్నను ర్యాండ్‌లోనే పనిచేస్తున్న ఫోర్డ్, ఫల్కర్సన్‌ల ముందు పెట్టాడు. వాళ్లిద్దరూ 1956లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ పాఠంలో మొదట వస్తుంది. ఖాళీ ఉన్న ఒక దారి పట్టుకో, అందులో పట్టినంత పంపు, మళ్లీ ఇంకో దారి వెతుకు. దారి దొరకని రోజున లెక్క పూర్తయినట్టే. ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఒక లైను మీద ముందు వేసిన బండ్లను తర్వాత రద్దు చేసుకుని వేరే దిక్కుకు మళ్లించవచ్చు. అలా రద్దుకు వీలున్నంత మేర ఆ లైనుకు ఎదురుగా ఒక తిరుగు లైను ఉన్నట్టు రాసుకుంటారు. మిగిలిన ఖాళీలు, తిరుగు లైన్లు కలిపి గీసిన పటమే రెసిడ్యువల్ గ్రాఫ్.

చిక్కల్లా ఏ దారి పట్టుకోవాలన్న దగ్గరే వచ్చింది. చుట్టూ నాలుగు లైన్లు వెయ్యేసి బండ్లవి, మధ్యలో అడ్డంగా ఒక్క బండి పట్టే లైను ఉన్న చిన్న పటం చాలు. ప్రతిసారీ ఆ మధ్య లైను మీదుగా పోయే దారినే ఎంచుకుంటే, రెండే సార్లలో అయిపోవాల్సిన పనికి రెండు వేల సార్లు పడతాయి. సామర్థ్యాలు కరణీయ సంఖ్యలైతే పద్ధతి అసలు ముగియకపోవచ్చు కూడా.

ఒకే పొడవున్న దారులన్నీ ఒకేసారి

1969లో మాస్కోలో యెఫిమ్ డినిట్స్ అనే విద్యార్థికి అడెల్సన్-వెల్స్కీ అల్గారిథంల తరగతిలో ఈ సమస్య అభ్యాసంగా ఎదురైంది. అతను కనుక్కున్న పరిష్కారం 1970లో సోవియట్ అకాడమీ పత్రికలో నాలుగు పేజీల వ్యాసంగా వచ్చింది. ఇప్పుడు పుస్తకాల్లో డినిక్ అల్గారిథం అని ఉండేది అదే. తర్వాత ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో షిమోన్ ఈవెన్, ఆలన్ ఇటాయ్ ఆ నాలుగు పేజీలతో కుస్తీ పట్టి, మనం ఈరోజు రాస్తున్న తేలిక రూపానికి తెచ్చారు.

పద్ధతి ఇది. మూలం నుంచి ప్రతి స్టేషనూ ఎన్ని లైన్ల దూరంలో ఉందో చూసి దానికి ఆ సంఖ్య వేయాలి. దాన్ని ఆ స్టేషను మెట్టు అందాం. మూలం సున్నా మెట్టు మీద ఉంటుంది. ఒక మెట్టు నుంచి సరిగ్గా పై మెట్టుకు వెళ్లే లైన్లనే ఉంచి మిగతావి పక్కన పెడితే మిగిలేది లెవెల్ గ్రాఫ్. అందులో మూలం నుంచి గమ్యానికి ఎటు వెళ్లినా అది అతి దగ్గర దారే. ఆ లెవెల్ గ్రాఫ్‌లో ఇక ఒక్క దారి కూడా తెరుచుకుని లేనంత వరకు బండ్లు వేసుకుంటూ పోవాలి. అలా నిండిన ప్రవాహమే బ్లాకింగ్ ఫ్లో. అక్కడికి ఒక దశ ముగిసింది. మళ్లీ రెసిడ్యువల్ గ్రాఫ్‌లో మెట్లు కొత్తగా లెక్కగట్టి రెండో దశ మొదలుపెట్టాలి. గమ్యానికి దారే లేకపోతే పని అయిపోయినట్టు.

బ్లాకింగ్ ఫ్లో అంటే గరిష్ఠ ప్రవాహం అనుకోకూడదు. అది ఆ లెవెల్ గ్రాఫ్‌లోని దారులను మూసేస్తుంది, అంతే. తిరుగు లైన్ల జోలికి అప్పటికి పోదు కాబట్టి దాన్ని కట్టడం తేలిక.

ఏడు స్టేషన్ల లెక్క

మూలం, గమ్యం కాక క, ఖ, గ, చ, జ అనే అయిదు స్టేషన్లున్నాయనుకుందాం. మూలం నుంచి క‌కు 5 బండ్లు, ఖ‌కు 4 బండ్లు పోగలవు. క నుంచి గ‌కు 5, ఖ నుంచి గ‌కు 4, గ నుంచి గమ్యానికి 6. ఇవి కాక ఒక చుట్టు దారి ఉంది: క నుంచి చ, చ నుంచి జ, జ నుంచి గమ్యం. దానిలో ప్రతి లైనుకూ 3.

మొదటి దశలో మెట్లు వేద్దాం. మూలం 0, క, ఖ 1, గ, చ 2, గమ్యం, జ 3. జ నుంచి గమ్యానికి పోయే లైను ఒకే మెట్టు మీద అడ్డంగా ఉంది కనుక ఈ దశలో దానికి చోటు లేదు. మూలం–క–గ–గమ్యం దారిలో 5 బండ్లు పోతాయి. మూలం–ఖ–గ–గమ్యం దారిలో ఖ వైపు 4 పట్టినా, గ తర్వాత ఒక్కటే ఖాళీ మిగిలింది కాబట్టి ఒకటే పోతుంది. గ నుంచి గమ్యానికి లైను నిండిపోయింది. మూడు లైన్ల పొడవున్న ప్రతి దారీ దాని మీదుగానే పోవాలి కనుక బ్లాకింగ్ ఫ్లో పూర్తయింది. వెళ్లినవి మొత్తం 6.

రెండో దశలో మూలం నుంచి క‌కు లైను నిండిపోయి ఉంది. ఖ‌కు మాత్రం 3 ఖాళీ, ఖ నుంచి గ‌కు 3 ఖాళీ. గ నుంచి ముందుకు దారి లేదు. కానీ క నుంచి గ‌కు వేసిన అయిదు బండ్లను రద్దు చేసుకునే వీలుంది కాబట్టి గ నుంచి క‌కు 5 బండ్ల తిరుగు లైను వచ్చింది. అలా దొరికే దారి మూలం–ఖ–గ–క–చ–జ–గమ్యం. అందులో 3 పోతాయి. మొత్తం 9. మూలం నుంచి బయటికి వచ్చే రెండు లైన్లూ నిండిపోయాయి, కనుక అంతకు మించి కుదరదు.

గమ్యం మెట్టును గమనించండి. మొదటి దశలో 3, రెండో దశలో 6. మొదటి దశలోనే ఖ వైపు ముందు 4 వేసి క వైపు 2 వేసి ఉంటే, మిగిలిన 3 బండ్లు మూలం–క–చ–జ–గమ్యం దారిన నేరుగా పోయేవి, గమ్యం 4వ మెట్టు మీదకు వచ్చేది. ఏ వరస పట్టినా దూరం పెరిగింది. ఇది యాదృచ్ఛికం కాదు.

దూరం ఎందుకు పెరిగి తీరాలి?

ఒక దశ ముగిశాక దొరికే కొత్త దారిని తీసుకుని, దాన్ని పాత మెట్ల సంఖ్యలతో చదవాలి. రుజువు మొత్తం ఈ ఒక్క పనిలో ఉంది.

కొత్త పటంలోని ప్రతి లైనూ రెండు రకాల్లో ఒకటి. దశకు ముందు కూడా ఉన్నదైతే, అది ఒక అడుగులో ఒక మెట్టు కంటే ఎక్కువ ఎక్కించలేదు. ఎక్కించగలిగితే పై స్టేషనుకు ఇంకా చిన్న సంఖ్యే పడి ఉండేది. ఈ దశలో బండ్లు వేసినందువల్ల పుట్టిన తిరుగు లైను అయితే, అది సరిగ్గా ఒక మెట్టు దింపుతుంది, ఎందుకంటే మనం బండ్లు వేసింది పైమెట్టుకు పోయే లైన్ల మీదనే. కాబట్టి ఏ అడుగూ ఒక మెట్టుకు మించి ఎక్కించదు. గమ్యం పాత లెక్కలో మూడో మెట్టు మీద ఉంటే, మూడు అడుగుల కన్నా తక్కువలో చేరడం అసాధ్యం.

మరి సరిగ్గా మూడు అడుగుల్లో చేరవచ్చా? అలా చేరాలంటే ప్రతి అడుగూ ఒక మెట్టు ఎక్కాల్సిందే, ఎక్కడా దిగకూడదు, అడ్డంగా పోకూడదు. అప్పుడు ఆ దారిలోని లైన్లన్నీ పాత లెవెల్ గ్రాఫ్‌లోవే, పైగా ఇంకా ఖాళీ ఉన్నవి. అలాంటి దారి ఒక్కటీ మిగలకుండా మూసేశాకే కదా దశ ముగించాం. కాబట్టి కొత్త దారి పాతదాని కంటే కనీసం ఒక అడుగు పొడవైనది.

మన ఉదాహరణలోని రెండో దారిని పాత మెట్లతో చదివితే 0, 1, 2, 1, 2, 3, 3 అని వస్తుంది. గ నుంచి క‌కు వెనక్కి దిగిన అడుగు, పోయిన మెట్టును మళ్లీ ఎక్కడానికి ఇంకో అడుగు, జ నుంచి గమ్యానికి అడ్డంగా వేసిన అడుగు. మూడుకు ఈ మూడు కలిసి ఆరయ్యాయి.

గమ్యం దూరం దశకు ఒకటైనా పెరుగుతుంది. ఒకే స్టేషనును రెండుసార్లు తాకని దారికి స్టేషన్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ లైన్లే ఉంటాయి. కాబట్టి దశలు కూడా అంతకు మించవు. ఏడు స్టేషన్లకు ఆరు. ఈ హద్దులో సామర్థ్యాల ప్రసక్తే లేదు. వెయ్యి బండ్లైనా కోటి బండ్లైనా, కరణీయ సంఖ్యలైనా దశల హద్దు ఒకటే.

ఒక దశకు ఎంత పని?

ఒక దశలో వేసిన ప్రతి దారీ కనీసం ఒక లైనును నింపేస్తుంది. కాబట్టి దారుల సంఖ్య లైన్ల సంఖ్యను మించదు, ఒక్కో దారి పొడవు స్టేషన్ల సంఖ్యను మించదు. ముందుకు పోలేని లైనును ఒకసారి చూశాక ఆ దశలో మళ్లీ ముట్టుకోకుండా, ప్రతి స్టేషను దగ్గరా ఎంతవరకు చూశామో ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. స్టేషన్లు V, లైన్లు E అయితే దశకు VE, మొత్తం V²E స్థాయికి మించని పని. ప్రతి దారికీ కొత్తగా దూరాలు లెక్కగట్టే ఎడ్మండ్స్–కార్ప్ పద్ధతికి హద్దు VE². వెయ్యి స్టేషన్లు, పదివేల లైన్లు ఉంటే మొదటిది వెయ్యి కోట్లు, రెండోది పదివేల కోట్లు. 1974లో కర్జనోవ్ బ్లాకింగ్ ఫ్లోను V² పనిలో కట్టే మార్గం చూపి మొత్తాన్ని V³‌కు దించాడు. దశల హద్దును మాత్రం అలాగే వాడుకున్నాడు.

ప్రతి లైనూ ఒక్క బండే పట్టే పటంలో దశలు ఇంకా తగ్గుతాయి. పదివేల లైన్లున్నాయనుకోండి. వంద దశలు గడిచేసరికి గమ్యం దూరం వంద దాటుతుంది. అంటే ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పోయే లైన్ల వరసలు వందకు పైగా ఉన్నాయి. పదివేల లైన్లను అన్ని వరసలకు పంచితే ఏదో ఒక వరసకు వందకు మించి రావు. మిగిలిన ప్రవాహమంతా ఆ సన్నని వరస దాటాలి కనుక అది వందకు మించదు. దశకు ఒక్క బండి చొప్పున పోయినా ఇంకో వంద దశలు చాలు. మొత్తం రెండు వందలు, అంటే లైన్ల సంఖ్య వర్గమూలానికి రెట్టింపు.

ప్రోగ్రాం రాసేవారికి ఒక మాట

ఇందులో ఎక్కువగా జరిగే తప్పు, ప్రతి స్టేషను దగ్గరా ఎంతవరకు చూశామో పెట్టుకునే ఆ గుర్తు దగ్గరే. చేతిలోని బండ్లు అయిపోయినందువల్ల ఆగినప్పుడు, ఇంకా ఖాళీ ఉన్న లైనును కూడా దాటించి గుర్తును ముందుకు జరిపేస్తారు. అప్పుడు కొన్ని దారులు తెరిచి ఉండగానే దశ ముగుస్తుంది. జవాబు మాత్రం సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే వదిలేసిన దారి తర్వాతి దశలో దొరుకుతుంది. అందుకే చిన్న పరీక్షలన్నీ నెగ్గి, పెద్ద పటం మీద ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది. పట్టుకోవడానికి ఒకటే మార్గం: ప్రతి దశ మొదట్లో గమ్యం మెట్టును స్క్రీన్ మీద అచ్చువేసి చూడండి. ఆ సంఖ్య ప్రతిసారీ పెరగాలి. రెండు దశల్లో అదే సంఖ్య వచ్చిందంటే మీరు కట్టింది బ్లాకింగ్ ఫ్లో కాదు, దశల హద్దు మీ ప్రోగ్రాంకు వర్తించదు. జవాబు సరైనదే అయినా ప్రోగ్రాంను దిద్దుకోండి.