ఐదు నిమిషాల బొమ్మల సినిమా, ఇద్దరు మనుషులు, 58 వారాలు

ఐదు నిమిషాల యానిమేషన్ చిత్రమంటే 300 సెకన్లు. టైటిల్స్‌కు 20 సెకన్లు, చివరి పేర్లకు 25 సెకన్లు పోతే కథకు మిగిలేది 255 సెకన్లు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలపడం మామూలే కాబట్టి సెకనుకు 12 బొమ్మలు సరిపోతాయి. అలా చూసినా మొత్తం 3,060 బొమ్మలు గీయాలి. ఒక్కో బొమ్మకు పావుగంట వేసుకుంటే 765 గంటలు అవుతుంది. ఇందులో కథ రాయడం, నేపథ్య చిత్రాలు వేయడం, శబ్దం చేర్చడం ఏవీ లేవు. ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో జీతం లేకుండా పనిచేసే ఇద్దరు ప్రణాళిక వేసుకునే ముందు చేయాల్సిన మొదటి లెక్క ఇదే. ప్రతి బొమ్మా చేత్తో గీసే పద్ధతి తమకు అందేది కాదని ఈ లెక్కతోనే తేలిపోతుంది.

అందుకే ఇలాంటి జంటలు ఎక్కువగా కటౌట్ పద్ధతికి వెళ్తాయి. పాత్రను ఒక్కసారే గీసి తల, మొండెం, మోచేయి, మణికట్టు, మోకాలు వేరు చేస్తారు. కీళ్ల దగ్గర అతికించి కంప్యూటర్లో కదిలిస్తారు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు మేకతోలు ముక్కల్ని దారంతో కుట్టి కీళ్లు చేసేదీ ఇదే కిటుకుతో. ఇక్కడ దారం బదులు సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఇలా కీళ్లు అమర్చడాన్నే రిగ్గింగ్ అంటారు. దానికి ముందుగా కొంత సమయం పోయినా, తర్వాత ప్రతి షాట్లోనూ అది తిరిగొస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరు హైదరాబాదులో ఉద్యోగి, బొమ్మలు బాగా వేస్తారు. ఇంకొకరు గుంటూరులో టీచరు, రాత, ఎడిటింగ్, శబ్దం వారి వైపు. కథలో అమ్మమ్మ, మనవరాలు, సంతలో కొన్న ఒక మొండి మేక. ఇద్దరూ వారానికి తలా ఎనిమిది గంటలు ఇస్తామని అనుకున్నారు. ఆ ఎనిమిది గంటల్లో ఫైలు తెరిచి, నిరుడు ఎక్కడ ఆపామో అన్నట్టు వెతుక్కుని, చేయి కుదిరేసరికి కొంత పోతుంది. పెళ్లిళ్లు, జ్వరాలు, ఆఫీసు పనులు ఇంకొంత తినేస్తాయి. ప్రణాళికలో తలా ఆరు గంటలే రాసుకోవడం వివేకం. అంటే వారానికి ఇద్దరివీ కలిపి 12 గంటలు. అసలు పనే జరగని సంక్రాంతి, దసరా, పరీక్ష పేపర్ల దిద్దుబాటు లాంటి వారాలు ఐదింటిని విడిగా లెక్కేయాలి.

విడుదల తేదీ ముందే పెట్టుకుని వెనక్కి లెక్కించడం చాలామంది చేసే పొరపాటు. నికరంగా తెలిసేది తేదీ కాదు, ఒక షాటుకు పట్టే సమయం. అది కూడా చేసి చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి మొదటి నాలుగు వారాల్లో కథ, అమ్మమ్మ బొమ్మ సిద్ధం చేసుకోవాలి. తర్వాతి ఆరు వారాల్లో స్టోరీబోర్డు, దానితో యానిమాటిక్ పూర్తి కావాలి. స్టోరీబోర్డులోని బొమ్మల్ని ఒక్కోటి ఎంతసేపు తెరమీద ఉండాలో అంతసేపు నిలిపి, సొంత గొంతులతో మాటలు పెట్టి వీడియోగా కూర్చితే అదే యానిమాటిక్. ఈ మొత్తం ప్రణాళికలో బాగా బరువైన మైలురాయి ఇదేనని చెప్పాలి.

మన ఉదాహరణలో మొదటి యానిమాటిక్ 6 నిమిషాల 10 సెకన్లు వచ్చింది. సంతలో బేరమాడే ఘట్టం రాసినప్పుడు అర పేజీయే, తెరమీద మాత్రం సాగింది. ఈ దశలో 70 సెకన్లు తీసేయడానికి ఒక సాయంత్రం చాలు. అదే యానిమేషన్ పూర్తయ్యాక తీయాల్సి వస్తే, కింద రానున్న లెక్క ప్రకారం, అరవైకి పైగా గంటల పని, అంటే ఐదు వారాలకు మించిన ఇద్దరి శ్రమ, చెత్తబుట్టలో పడుతుంది. పదో వారం చివర యానిమాటిక్‌కు తాళం వేయాలి. ఆ తర్వాత కొత్త షాటు చేర్చాలంటే అంత నిడివి ఉన్న పాతది ఒకటి తీసేయాలన్న షరతు పెట్టుకుంటే తగాదాలు తక్కువ. ఇద్దరి అభిప్రాయాలు కలవనప్పుడు కథ విషయంలో ఎవరి మాట, బొమ్మ విషయంలో ఎవరి మాట నెగ్గాలో కూడా అప్పుడే తేల్చుకోవడం మంచిది.

పదకొండు, పన్నెండు వారాల్లో ఒకే ఒక్క షాటును ఆసాంతం, రంగు, నేపథ్యం, కదలిక, శబ్దం అన్నీ కుదిరి తెరమీదికి వెళ్లేంతగా పూర్తిచేయాలి. మరీ తేలికది కాక, మరీ కష్టమైనదీ కాక మధ్యరకం ఎంచుకోవాలి. మనవరాలు గుమ్మంలో నిలబడి అమ్మమ్మతో మాట్లాడే ఐదు సెకన్ల షాటు అలాంటిది. దాని కదలికకు మూడు గంటలు పడుతుందని అనుకున్నారు, ఐదు పట్టింది. పెదవుల కదలిక మాటకు కుదరక రెండుసార్లు చేయాల్సి వచ్చింది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ అలాంటి షాట్లు 22 ఉన్నప్పుడు అది 44 గంటలు.

కొలత చేతికొచ్చాక యానిమాటిక్‌లోని 50 షాట్లను మూడు రకాలుగా విడదీశారు. కెమెరా మాత్రమే కదిలేవి, ఆకాశం, ఇల్లు, వంటగది లాంటి తేలికైనవి 20. వాటికి రెండేసి గంటలు, మొత్తం 40. ఒక పాత్ర మాట్లాడటం, తల తిప్పడం ఉన్న మధ్యరకం 22. ఐదేసి గంటల చొప్పున 110. నడక, ఇద్దరు ఒకరినొకరు తాకడం, మేకను తాడుతో లాగడం ఉన్న కష్టమైనవి 8. పదకొండేసి గంటలతో 88. వెరసి యానిమేషన్‌కే 238 గంటలు. కథ సెకన్లు 255 కాబట్టి సెకనుకు దాదాపు ఒక గంట అన్నమాట.

మిగతా పనుల్లో కథకు 20, స్టోరీబోర్డుకు 35, యానిమాటిక్‌కు 15 గంటలు. మూడు పాత్రల రిగ్గింగ్‌కు 54, పన్నెండు నేపథ్యాలకు 48. షాటులోని పొరలన్నీ ఒకటిగా కూర్చే కాంపోజిటింగ్‌కు షాటుకు గంట చొప్పున 50. ఎడిటింగ్, శబ్దాలకు 45. అన్నీ కలిపితే 505 గంటలు. దిద్దుబాట్లకు, పాడైన ఫైళ్లకు పాతిక శాతం కలిపితే సుమారు 631. వారానికి 12 గంటల చొప్పున దాదాపు 53 వారాలు, పని జరగని ఐదూ కలిపి 58. తేదీ బయటికి చెప్పాల్సింది ఇప్పుడే, పన్నెండో వారం తర్వాతే.

ఇందులో ఒక మెలిక ఉంది. గంటల్ని ఇద్దరి మధ్య సగం సగం చేసి భాగించడం కాగితం మీద తేలిక. నిజంలో ఒకరి గంటలు ఇంకొకరికి పనికిరావు. మొదట వేసుకున్న పంపకంలో స్టోరీబోర్డు, మూడు పాత్రల రిగ్గింగ్, మధ్యరకం, కష్టమైన షాట్లు అన్నీ బొమ్మలు వేసే వ్యక్తి మీద పడి 287 గంటలయ్యాయి. టీచరుకు 218. ఎక్కువ బరువున్న మనిషి ఎప్పుడు ముగిస్తే చిత్రం అప్పుడే ముగుస్తుంది కాబట్టి అసలు గడువు 58 వారాలు కాదు, 65. మనవరాలు, మేక రిగ్గింగ్‌ను, అంటే 36 గంటల్ని, టీచరు నేర్చుకుని చేయడంతో లెక్క 251, 254 అయింది. గడువు మళ్లీ 58కి దిగింది. రిగ్గింగ్ నేర్చుకోవడానికి పోయిన సమయం పాతిక శాతం అదనంలోంచి వచ్చింది. అదనం ఉండేది అందుకే.

పదమూడో వారం నుంచి షాట్ల వరుస మొదలవుతుంది. చిత్రంలోని మొదటి షాటుతో ప్రారంభించకూడదు. చేయి తిరగని రోజుల్లో చేసినది అందరికంటే ముందు ప్రేక్షకుడి కంట పడుతుంది. మధ్యలోంచి మొదలుపెట్టి, మొదటి నిమిషాన్ని చివరి వారాలకు ఉంచుకోవడం మేలు. అలాగే యానిమాటిక్ ఖాయమైన వెంటనే అసలు గొంతులు రికార్డు చేసి, సంగీతం చేసేవారికి యానిమాటిక్ ఇచ్చేయాలి. శబ్దమంతా చివరికి నెడితే ఒక్క మనిషి 45 గంటల పని బొమ్మలు పూర్తయ్యాక ఏడెనిమిది వారాలు సాగుతుంది, రెండో మనిషి ఖాళీగా కూర్చుంటారు.

పని ఎంత అయిందన్నది షాట్ల సంఖ్యతో కొలిస్తే మోసపోతారు. మనుషులు తేలికైనవి ముందు చేస్తారు. ఒక దశలో 50లో 30 షాట్లు అయ్యాయి, అరవై శాతం దాటేశామన్న సంతోషం. అయినవి 20 తేలికైనవి, 10 మధ్యరకం. గంటల్లో చూస్తే 238లో 90, నలభై శాతం కూడా కాదు. అందుకే షాట్ల పట్టికలో ప్రతి వరుసకూ గంటలు రాసి, మిగిలిన గంటల్నే ప్రతి ఆదివారం కూడాలి. వరుసగా మూడు వారాలు ఆ అంకె వారానికి ఆరు కంటే తక్కువ తగ్గితే ప్రణాళిక జారిపోయిందని అర్థం. అప్పుడు రాత్రిళ్లు మేలుకోవడం కంటే షాటును మార్చడం తెలివైన పని. అమ్మమ్మ మేకను లాగే షాట్లలో నాలుగింటిని, బిగుసుకున్న తాడు, అమ్మమ్మ ముఖం మాత్రమే చూపి, మేకను అరుపుగా వినిపిస్తే అవి మధ్యరకంలోకి దిగుతాయి. 24 గంటలు, రెండు వారాలు మిగులుతాయి. హాస్యం కూడా పెరగొచ్చు.

దారి మధ్యలో మైలురాళ్లు చూడగలిగేవిగా ఉండాలి. ‘యానిమేషన్ 70 శాతం’ అనేది మైలురాయి కాదు, దాన్ని ఎవరూ చూడలేరు. ముప్ఫయ్యో వారానికి ఐదు నిమిషాల టైమ్‌లైన్‌లో ప్రతి షాటుకూ కనీసం ముఖ్య భంగిమలైనా పెట్టి, యానిమాటిక్ బొమ్మలన్నీ మాయం కావాలన్నది మైలురాయి. ఆ రోజు చిత్రాన్ని బయటివారు ఇద్దరు ముగ్గురికి చూపి, కథ అర్థం కాని చోట్లు రాసుకోవచ్చు. 54వ వారానికి చిత్రానికి తాళం పడాలి. ఆ తర్వాత ఒక్క ఫ్రేము కూడా అటూ ఇటూ జరగదు, ఎందుకంటే శబ్దాలన్నీ ఫ్రేములకు కుదిర్చి ఉంటాయి. చివరి నాలుగు వారాలు శబ్దాల కూర్పుకు, చిన్న దిద్దుబాట్లకు, రెండరింగ్‌కు.

రెండరింగ్‌ను తక్కువ అంచనా వేయొద్దు. కటౌట్ చిత్రంలో ఫ్రేముకు రెండు సెకన్లు పడితే 7,200 ఫ్రేములు నాలుగు గంటల్లో అయిపోతాయి. అదే త్రీడీలో ఫ్రేముకు రెండు నిమిషాలైతే ఒకే కంప్యూటర్ పది రోజులు ఆగకుండా నడవాలి. ఏదైనా సరే, నేరుగా వీడియో ఫైలుగా కాక ఒక్కో ఫ్రేమును విడి PNG బొమ్మగా దాచుకోవాలి. 4,100వ ఫ్రేము దగ్గర కరెంటు పోతే వీడియో ఫైలు మొత్తం పనికిరాకుండా పోవచ్చు. విడి బొమ్మలైతే మళ్లీ 4,101 నుంచి మొదలుపెడితే చాలు.